అప్‌డేట్: ఏపీ 15, టీఎస్ 15 ఒకే జిల్లావా?

నేను అడిగింది: "ఒక పాత బండి ఏపీ 15, ఇంకోటి టీఎస్ 15. రెండూ ఒకే ఆర్టీఓవా?"

కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 15 అంటే కరీంనగర్. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక అంకెలు మొదటి నుంచీ కొత్తగా ఇచ్చారు. కరీంనగర్‌కు 02 వచ్చింది, 15 సంగారెడ్డికి వెళ్లింది. పైగా ఏపీ 02 అనంతపురానిది! కాబట్టి ముందు అక్షరాలు చూడాలి, తర్వాతే అంకె.

టీఎస్ స్థానంలో టీజీ 2024 మార్చి నుంచి వచ్చింది. జిల్లా అంకెలు మాత్రం మారలేదు. టీజీ 02 కూడా కరీంనగరే.

అసలు చిక్కు ఏపీ 39 దగ్గర. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త బండ్లన్నిటికీ ఒకే కోడ్ పెట్టారు. అది శ్రీకాకుళం బండో చిత్తూరు బండో ప్లేటు చూసి చెప్పలేం. ఆర్‌సీలోనో, ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టాకనో 'రిజిస్టరింగ్ అథారిటీ' అన్న వరుస చూడాలి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు పాత ప్లేట్లకూ ఇదే చూసుకోవడం మేలు. యజమాని అదే రాష్ట్రంలో వేరే జిల్లాకు మారినా నంబరు మారదు మరి.