సమస్యాపూరణం: ముడిని విప్పె నచ్చు ముందు నిలిచి

నిర్వాహకుడు, కర్నూలు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముడి అంటే జంట హల్లు, అచ్చు అంటే అ ఆ ఇ ఈ. పరాయి మాట మన నోట్లో ఎలా మారుతుందో చెబుతూ పూరించండి.

ఆదోని:
సార్, నేను ముడి అంటే మూడు ముళ్లనీ, అచ్చు అంటే పెళ్లి పత్రిక అచ్చనీ అనుకొని మూడు పాదాలు రాసిపెట్టుకున్నా. ప్రెస్సు వాడు పత్రికలు ఆలస్యంగా ఇస్తే పెళ్లి ఆగిందని. పనికిరాదా?

నిర్వాహకుడు:
ఆ కథ బాగానే ఉందన్నా, ఈ వారానికి కాదు.

ప్రొద్దుటూరు:
నా పూరణ.

స్కూలు నోట రాదు కూడబలికినను
జేజి యచ్చు చేర్చెఁ జెంతఁ దెచ్చి
యిస్సు వేరు కాగ నింకొకటియె కూలు
ముడిని విప్పె నచ్చు ముందు నిలిచి

గుంతకల్లు:
నాదీ చూడండి. మా తాతది.

గ్లాసు తెమ్మనంగ గాబరపడి తాత
యిదిగొ నే గలాసు నిస్తి ననియె
లాకు ముందు నిలిచె లక్షణముగ నచ్చు
ముడిని విప్పె నచ్చు ముందు నిలిచి

నిర్వాహకుడు:
రెండింటికీ గణాలు, యతులు సరిపోయాయి. మొదటిదానిలో అచ్చు అన్న మాట రెండో పాదంలోనే చెప్పేయడంతో సమస్య బిగి కొంచెం సడలింది. రెండోదానిలో వరుసగా రెండు పాదాల్లో "నచ్చు" వచ్చింది, చెవికి గుచ్చుతుంది.

ప్రొద్దుటూరు:
గుంతకల్లు అమ్మా, పద్యం హాయిగా ఉంది, కానీ మీ అచ్చు ముడికి ముందు నిలబడలేదు. గ కీ ల కీ నడుమ దూరింది. నా జేజి "ఇస్కూలు" అనేది, గ్లాసును మాత్రం "ఇగ్లాసు" అనేది కాదు. "గలాసు" అనేది. బ్లేడు ఆమె నోట్లో "బిలేడు". అదే నోరు, రెండు దార్లు.

గుంతకల్లు:
జంట హల్లు పలకలేనప్పుడు ఏదో ఒక అచ్చు పెడతారు, అంతే కద సార్? ఎక్కడ పెడితే ఏమి?

ప్రొద్దుటూరు:
పెట్టేది నిజమే, చోటు మాత్రం ఇష్టం వచ్చినట్లు కాదు. గ్లా అని నెమ్మదిగా అనండి. గ దగ్గర నోట్లో గాలి దారి పూర్తిగా మూసుకొని, ల దగ్గర కొంత తెరుచుకొని, ఆ దగ్గర బాగా తెరుచుకుంటుంది. నాదం పెరుగుతూ పోతుంది. గ విడిచేటప్పుడే సన్నగా అచ్చు లాంటిది వినిపిస్తుంది, కాబట్టి అక్కడ అ దూరినా మాట పెద్దగా మారినట్లు అనిపించదు. స్కూ అలా కాదు. స లో గాలి ఆడుతూ ఉంటుంది, క లో టక్కున ఆగిపోతుంది, మళ్లీ ఊ లో తెరుచుకుంటుంది. నడుమ గుంట పడింది. అక్కడ అచ్చు పెట్టి "సుకూలు" అంటే తేడా కొట్టొచ్చినట్లు వినబడుతుంది. ముందు ఇ పెడితే స్ దాని తోక అవుతుంది, కూ తన అచ్చుతో తాను నిలుస్తుంది.

ఛందస్సే సాక్ష్యం. "రాదు స్కూలు" అంటే దు లఘువే, స్కూ మొత్తం రెండో మాటదే. "ఇస్కూలు" అంటే ఇ గురువు, ఎందుకంటే స్ వెనక్కి వెళ్లి దానికి అతుక్కుంది.

స్పానిష్‌లోనూ బడి "ఎస్కువేలా", కానీ గ్లోబు "గ్లోబో"గానే ఉంది. పాళీలో స్త్రీ "ఇత్థీ" అయింది, స్నేహం "సినేహ" అయింది.

కడప:
స్తంభము మనకు కంబమయింది కద సార్. ఇస్తంభము కాలేదే.

ప్రొద్దుటూరు:
అది ప్రాకృతం గుండా వచ్చిన పాత దారి. సకారం ఊడిపోవడం మూడో ఉపాయం. నేను చెప్పింది అన్నిటికీ చెల్లదు.

గుంతకల్లు:
మరి జపాన్ వాళ్లు? మా అబ్బాయి అక్కడ ఉన్నాడు. బడిని "సుకూరు" అంటారంట, గ్లాసును "గురాసు" అంటారంట. రెండూ నడుమే పెట్టినారు.

ప్రొద్దుటూరు:
మంచి ప్రశ్న పట్టినారు. వాళ్ల భాషలో అక్షరం చివర స్ ఒంటరిగా నిలవదు. అక్కడ నిలిచేది "న్" లాంటి ముక్కు ధ్వని, లేదా తర్వాతి హల్లుకు జంటగా వచ్చే ఒత్తు. ముందు ఇ పెట్టినా స్ కు చోటు దొరకదు. మనకు కస్తూరి, మస్తు లాంటివి ఉన్నాయి కాబట్టి ఇస్ కుదిరింది.

కడప:
మరి పంజాబీలో "సకూల్" అంటారే. వాళ్ల నోట్లో మాట చివర స్ బాగానే నిలుస్తుంది.

ప్రొద్దుటూరు:
అవును, అది నా లెక్కకు లొంగదు. తలుపు ఉన్నంత మాత్రాన అందరూ అందులోంచే పోవాలని లేదు కాబోలు.

గుంతకల్లు:
సరే సార్. అయినా సమస్యలో "ముందు" అని ఉంది గాని, ముడికి ముందా, లాకు ముందా అని లేదు. నా పద్యంలో లాకు ముందు అని రాసినా.

నిర్వాహకుడు:
అది నా వాక్యంలో సందే, ఒప్పుకుంటున్నా. పూరణ చెల్లుతుంది. ఆదోని అన్నా, ఆ ప్రెస్సు పద్యం పండగ సంచికకు పంపండి. "ఇస్టేషను"తో మూడో పూరణ ఎవరైనా రాస్తారా? ఇస్, టే, రెండూ గురువులే. గణం చూసి కూర్చండి.