బాబాయ్‌ని గ్యారంటర్‌గా ఉండమని అడగాలా, కంపెనీకి డబ్బు కట్టాలా?

కొత్తగా_లెస్టర్: ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ వచ్చాను. లెస్టర్‌లో నలుగురం కలిసి ఇల్లు చూసుకున్నాం. అద్దె మొత్తం నెలకు 1,920 పౌండ్లు, నా వాటా 480. ఏజెంట్ ఇక్కడ ఉద్యోగం చేసే గ్యారంటర్ కావాలంటున్నాడు. బర్మింగ్‌హామ్‌లో పిన్నీ బాబాయ్ ఉన్నారు. "నేను ఫోన్ చేసి చెప్తాలే" అంటున్నారు నాన్న. అడగొచ్చా? ఆయన మీద ఏం పడుతుంది? లేక ఫీజు తీసుకుని గ్యారంటర్‌గా నిలబడే కంపెనీకి కట్టడం మేలా?

గోదారిగట్టు: చుట్టాల్ని ఇబ్బంది పెట్టడం దేనికి? ఆరు నెలల అద్దె ముందే కట్టేస్తానను, గ్యారంటర్ మాటే ఎత్తరు. అందరూ చేసేది అదే.

పత్రాలరాయుడు: ఒకప్పుడు చేసేవారు. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ఒప్పందం మీద సంతకాలు అయ్యేలోపు అడ్వాన్సు అద్దె తీసుకోకూడదు, అయ్యాక కూడా అద్దె మొదలయ్యేలోపు ఒక నెలకు మించి అడగకూడదు. మీరు చెప్పింది ప్రత్యేకంగా విద్యార్థుల కోసం కట్టిన పెద్ద బ్లాకుల్లో చాలాచోట్ల ఇంకా నడుస్తుంది, వాటి లెక్క వేరు. వీళ్లది మామూలు ఇల్లు.

ఇక అసలు సంగతి. బాబాయ్ గారి ఏడాది ఆదాయం నెల అద్దెకు 36 రెట్లు ఉందా అని చాలా ఏజెన్సీలు చూస్తాయి. నీ వాటాకైతే ఏడాదికి 17,280 పౌండ్లు, ఇల్లు మొత్తానికైతే 69,120. ఏ అంకె అడిగారో చూడు. మెలిక ఇక్కడే: ఆదాయం వాటాకు లెక్కగట్టి, సంతకం మాత్రం ఇల్లు మొత్తానికి పెట్టించుకునే పత్రాలున్నాయి. నలుగురూ ఒకే ఒప్పందం మీద ఉంటే అద్దె మొత్తానికి ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఒకడు రెండు నెలలు ఎగ్గొడితే, అంటే 960 పౌండ్లు, నువ్వు నీ వాటా తూచా తప్పకుండా కట్టినా యజమాని మీ బాబాయ్‌నే అడగొచ్చు. అద్దె ఒక్కటే కాదు, డిపాజిట్‌కు మించిన నష్టం కూడా ఆయన మీదికి రావచ్చు.

అందుకని అడగడానికి ముందే గ్యారంటీ పత్రం నకలు ఏజెంట్ దగ్గర తీసుకో. అందులో రెండు వాక్యాలు చేర్చమను. బాధ్యత నీ 480 వాటాకే పరిమితం, ఎంత జరిగినా 2,880 పౌండ్లకు మించదు. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే ఆ మాట బాబాయ్‌కి ముందే చెప్పాలి.

సిరివెన్నెల_హైదరాబాద్: మా తమ్ముడి ఎడ్యుకేషన్ లోన్‌కు మామయ్య షూరిటీ సంతకం పెట్టారు, అది ఆయన సిబిల్‌లో కనిపిస్తోంది. ఇదీ అంతేనా?

పత్రాలరాయుడు: అది బ్యాంకు అప్పు అమ్మా, ఇది వేరు. అద్దె గ్యారంటీ మామూలుగా అప్పులా నమోదు కాదు. కానీ బాకీ మీద కేసు వేసి, కౌంటీ కోర్టు తీర్పు వచ్చాక నెలలోపు మొత్తం కట్టకపోతే అది 6 ఏళ్లు ఆయన క్రెడిట్ రికార్డులో ఉంటుంది. ఇల్లు కొనడానికి లోన్ చూసుకుంటున్న మనిషికి అది పెద్ద దెబ్బ.

మొహమాటం_వద్దు: నాన్నతో ఫోన్ చేయించకండి. అన్నగారు అడిగితే తమ్ముడు కాదనలేడు, లోపల మాత్రం గుచ్చుకుంటుంది. పిన్ని, బాబాయ్ ఇద్దరూ ఉన్నప్పుడు మీరే వెళ్లి, పత్రం చేతిలో పెట్టి చెప్పండి. "బాబాయ్, చదివి వారంలో చెప్పండి. కుదరదన్నా ఏమీ అనుకోను, వేరే దారి చూసుకున్నాను." ఆ వేరే దారి నిజంగా ఉండాలి. ముందు మీ యూనివర్సిటీ వసతి విభాగంలో అడగండి, కొన్నిచోట్ల వాళ్లే గ్యారంటీ ఇస్తారు. నన్నడిగితే కంపెనీకి కట్టడమే మేలు, చుట్టరికం చుట్టరికంగా ఉంటుంది.

పత్రాలరాయుడు: కంపెనీ ఫీజు తిరిగిరాదు. పైగా యజమానికి వాళ్లు కట్టింది మళ్లీ నీ దగ్గరే వసూలు చేస్తారు. బాకీ పోదు, అడిగే మనిషి మారతాడంతే. అయినా మీ మాటలో న్యాయం లేకపోలేదు.

గోదారిగట్టు: సరే, ముందే కట్టడం సంగతి ఒప్పుకున్నా. ఏడాదయ్యాక బాబాయ్ గారు తప్పుకోవచ్చా?

పత్రాలరాయుడు: అది పత్రంలో రాసినదాన్ని బట్టే. ఇప్పుడు ఈ అద్దెలకు గడువు తేదీ లేదు, నెలనెలా సాగుతూనే ఉంటాయి. "అద్దె కొనసాగినంత కాలం" అని ఉంటే, నువ్వు ఖాళీ చేసి నీ బదులు ఇంకొకడు వచ్చాక కూడా ఆయన పేరు అక్కడే ఉండిపోయే ప్రమాదం ఉంది. గ్యారంటీకి ముగింపు తేదీ రాయించు. అద్దె పెరిగితే పెరిగినదానికీ వర్తిస్తుందా అన్నదీ అందులోనే తేల్చుకో. ఖాళీ చేయాలంటే రెండు నెలల నోటీసు ఇవ్వాలి, కాబట్టి ఎప్పుడు మానుకున్నా ఆ రెండు నెలల అద్దెకు పూచీ ఎలాగూ ఉంటుంది.

కొత్తగా_లెస్టర్: పత్రం వచ్చింది. "మొత్తం అద్దెకు" అని ఉంది, పరిమితి ఏమీ లేదు. వాటాకు మార్చమని మెయిల్ పెట్టాను. సాక్షిగా పిన్ని సంతకం సరిపోతుందా?

పత్రాలరాయుడు: చట్టం కాదనదు కానీ చాలామంది ఏజెంట్లు ఇంట్లోవాళ్ల సాక్ష్యం తీసుకోరు. పక్కింటాయన్ని పిలవండి. బాబాయ్ గారు సంతకం పెడుతుండగా ఆయన ఎదురుగా ఉండాలి, తర్వాత తీసుకెళ్లి పెట్టిస్తే కుదరదు. మెయిల్‌కు జవాబు వచ్చేదాకా మాత్రం ఎవరిచేతా సంతకం పెట్టించకు.

మొహమాటం_వద్దు: జవాబు "కుదరదు" అని వస్తే?

కొత్తగా_లెస్టర్: మిగతా ముగ్గురి గ్యారంటర్లు ఎవరో ముందు కనుక్కుంటా. ఒకడికి ఇంతవరకు ఎవరూ దొరకలేదట.