ఏప్రిల్ 10న పుడితే ఒక చోట మేషం, ఇంకో చోట మీనం: ఏది లెక్క తప్పు?

శ్రావణి: నేను పుట్టింది 1990 ఏప్రిల్ 10, ఉదయం 11:40కి. ఏ ఇంగ్లీషు సైట్‌లో చూసినా నా సన్ సైన్ ఏరీస్, అంటే మేషమే అంటున్నాయి. చిన్నప్పుడు రాయించిన జాతకంలో మాత్రం రవి మీనంలో ఉన్నాడు. నాకు జాతకాల మీద పెద్దగా పట్టు లేదు. ఒకే సూర్యుడు ఒకే క్షణంలో రెండు రాశుల్లో ఎలా ఉంటాడు? జాతకం రాసినాయన పొరబడ్డారా?

పద్మ: రాశి అంటే చంద్రుడున్న రాశి అమ్మా, సూర్యుడితో పని లేదు. మా అమ్మాయిది వృశ్చిక రాశి, ఫోన్‌లో యాప్ మాత్రం జెమిని అంటుంది. మేం దాన్ని పట్టించుకోం. నీ నక్షత్రం ఏదో చెప్పు, రాశి నేను చెప్తా.

శ్రావణి: థాంక్స్ పద్మ గారూ, కానీ నా ప్రశ్న జన్మరాశి గురించి కాదండి. రెండు చోట్లా సూర్యుడి రాశినే పోలుస్తున్నా.

వేణు: దీనికి జవాబు సింపుల్. భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి నక్షత్రాలతో పోలిస్తే విషువత్తు వెనక్కి జరుగుతోంది. పాశ్చాత్యులు 2000 ఏళ్ల నాటి లెక్కనే పట్టుకుని సవరించుకోలేదు, మనవాళ్లు సవరించుకున్నారు. వాళ్ల తేదీలకి 24 రోజులు కలుపుకోండి, సరిపోతుంది.

కామేశ్వరి: వేణు గారు కారణం సరిగ్గానే చెప్పారు, దాని నుంచి తీసిన తీర్పుతోనే నాకు పేచీ. పాశ్చాత్యులు వాడే సాయన పద్ధతిలో మేషం మొదలయ్యేదే వసంత విషువత్తు దగ్గర, అంటే మార్చి 20 లేదా 21న సూర్యుడు భూమధ్యరేఖను దాటే బిందువు దగ్గర. ఆ బిందువు జరిగితే వాళ్ల మేషం కూడా దానితో పాటే జరుగుతుంది. కాబట్టి అక్కడ సవరించాల్సిందేమీ లేదు, వాళ్ల రాశులు ఋతువులకు కట్టుబడి ఉంటాయి. మన జాతకాల్లో వాడే నిరయన పద్ధతిలో కొలత నక్షత్రాల నుంచి మొదలవుతుంది. ఈ రెండు మొదళ్ల మధ్య దూరమే అయనాంశ. ఒకే రోడ్డు మీద వెళ్లే బస్సు దూరాన్ని ఇద్దరు వేర్వేరు మైలురాళ్ల నుంచి కొలిస్తే అంకెలు వేరుగా వస్తాయి, బస్సు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

శ్రావణి గారి లెక్క చేసి చూద్దాం. ఆ సమయానికి సాయన రవి మేషంలో దాదాపు 20 డిగ్రీల దగ్గర ఉన్నాడు. చాలా యాప్‌లు వాడే లాహిరి లెక్క ప్రకారం 1990లో అయనాంశ 23 డిగ్రీల 43 నిమిషాలు. 20 లోంచి అంత పోదు కాబట్టి ముందు 360 కలుపుకోవాలి. 380 లోంచి 23:43 తీసేస్తే 356 డిగ్రీల 17 నిమిషాలు వస్తుంది. మీనం 330 దగ్గర మొదలవుతుంది, అంటే రవి మీనంలో 26 డిగ్రీల చిల్లర, రేవతి నక్షత్రంలో ఉన్నట్టు. మీ జాతకం రాసినాయన పొరబడలేదు, సైట్లూ పొరబడలేదు.

శ్రావణి: ఇప్పుడు అర్థమైంది. అంటే అందరికీ ఇలా రెండు రాశులు వస్తాయా?

కామేశ్వరి: అందరికీ రాదు. రాశికి 30 డిగ్రీలు, తేడా ఇప్పుడు 24 దాకా ఉంది. సాయన రాశిలో చివరి ఆరు డిగ్రీల్లో సూర్యుడుండగా పుట్టినవాళ్లకు రెండు పద్ధతుల్లోనూ ఒకే రాశి వస్తుంది. ఉదాహరణకు ఏప్రిల్ 15 నుంచి 19 వరకు ఎటు చూసినా మేషమే. మిగతావాళ్లకు, అంటే ఐదుగురిలో నలుగురికి, రాశి మారుతుంది. ఈ తేడా సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతోంది. లాహిరి లెక్కలో సున్నా అయింది క్రీ.శ. 285లో, అప్పుడు ఇద్దరికీ ఒకటే మేషం. 2440 ప్రాంతానికి తేడా 30 దాటుతుంది, అప్పుడు ఒక్కరికీ కలవదు. అప్పటికి ఈ గ్రూప్ ఉంటే మళ్లీ మాట్లాడుకుందాం.

వేణు గారి 24 రోజుల చిట్కా ఉజ్జాయింపుగా పనికొస్తుంది కానీ, తేడా డిగ్రీల్లో ఉంది, రోజుల్లో కాదు. జనవరి దరిదాపుల్లో సూర్యుడు రోజుకి డిగ్రీ కంటే కాస్త ఎక్కువ నడుస్తాడు, జులై దగ్గర తక్కువ. అందుకే సాయన కర్కాటకం జూన్ 21కి మొదలైతే నిరయన కర్కాటకం జులై 16 దాకా ఆగుతుంది. అది 25 రోజులు. సూర్యుడు రాశి మారే సంక్రమణానికి అటూ ఇటూ పుట్టినవాళ్ల విషయంలో ఆ ఒక్క రోజే రాశిని మార్చేస్తుంది.

వేణు: ఒప్పుకుంటాను. అయినా ఆకాశంలో నిజంగా కనిపించే నక్షత్రాలతో సరిపోయేది నిరయనమే కదా?

కామేశ్వరి: దగ్గరగా ఉంటుంది, పూర్తిగా సరిపోదు. ఖగోళ శాస్త్రవేత్తలు గీసుకున్న హద్దుల ప్రకారం నక్షత్ర మండలాలు సమానంగా లేవు, కన్య చాలా పెద్దది, వృశ్చికం చిన్నది. వాటి ప్రకారం సూర్యుడు మీన మండలం దాటేది ఏప్రిల్ 18 ప్రాంతంలో. నిరయనంలో మాత్రం 14కే మేషం వచ్చేస్తుంది. సమానంగా 30 డిగ్రీల గళ్లు చేసుకున్నాక రెండు పద్ధతుల్లోనూ రాశి కొలతే, బొమ్మ కాదు.

యాదగిరి: నా కేసు ఇంకా తికమక. మా తమ్ముడు 1990 ఏప్రిల్ 14 తెల్లవారుజామున 1:30కి పుట్టాడు. రెండు సాఫ్ట్‌వేర్లూ నిరయనమే అంటాయి, అయినా ఒకటి రవి మీనమంటుంది, ఇంకోటి మేషమంటుంది. టెన్షన్ పడి మా అమ్మ ఇద్దరు పంతుళ్లని అడిగింది, వాళ్లదీ చెరో మాట.

కామేశ్వరి: సెట్టింగ్స్‌లో అయనాంశ ఏది పెట్టి ఉందో చూడండి. లాహిరి ప్రకారం ఆ ఏడాది మేష సంక్రమణం 14వ తేదీ తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో జరిగింది. 1:30కి రవి ఇంకా మీనం చివరి అంచున ఉన్నాడు. రామన్ అయనాంశ అని ఇంకో లెక్క ఉంది, అది లాహిరి కంటే దాదాపు డిగ్రీన్నర తక్కువ, కాబట్టి అందులో రవి అప్పటికే మేషంలో డిగ్రీ దాటి ఉంటాడు. ఆకాశంలో ఇక్కడే సున్నా అని గీత లేదు కదా, దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. లాహిరి వాళ్లు చిత్త నక్షత్రాన్ని 180 డిగ్రీల దగ్గర పెట్టి వెనక్కి లెక్కించారు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1956 మార్చి 21కి 23 డిగ్రీల 15 నిమిషాలు అని నిర్ణయించింది. అందుకే చాలా యాప్‌లలో అదే మొదట వస్తుంది. రామన్‌ని పాటించేవాళ్లు దాన్ని ఒప్పుకోరు.

ఇంకో జాగ్రత్త. యాప్ ఇచ్చిన అంకె సాయనమో నిరయనమో చూడకుండా అయనాంశ తీసేసేవాళ్లు ఉన్నారు. నిరయన స్ఫుటంలోంచి, అంటే అయనాంశ అప్పటికే తీసేసిన రవి డిగ్రీల్లోంచి, రెండోసారి తీస్తే రవి ఇంకో 24 డిగ్రీలు వెనక్కి పోతాడు. ముందు అదే యాప్‌లో ఏదైనా ఏడాది మార్చి 21 మధ్యాహ్నానికి వేసి చూడండి. రవి మేషం మొదట్లో, సున్నా దగ్గర కనిపిస్తే అది సాయనం. ఈ కాలపు తేదీకి మీనం 6 డిగ్రీల దగ్గర కనిపిస్తే నిరయనం, ఇక తీయకూడదు.

శ్రావణి: చూశాను, నా యాప్ మీనం 6 చూపిస్తోంది. మరి ఏరీస్ వాళ్ల స్వభావం అని చదువుకున్నదంతా నాకు వర్తిస్తుందా, వర్తించదా?

కామేశ్వరి: ఆ వర్ణనలు సాయన మేషాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిని నిరయన మేషానికి అంటించకూడదు, అలాగే దశలు, నక్షత్రాలు సాయన స్ఫుటంతో వేయకూడదు. ఏది ఎక్కువ నిజమవుతుందన్నది నేను తేల్చలేను.

వేణు: నా ఓటు నిరయనానికే.

యాదగిరి: సెట్టింగ్ చూశానండి, ఒకదాంట్లో రామన్ ఉంది, ఇంకోదాంట్లో లాహిరి. కానీ మా పంతుళ్లలో ఒకాయన పూర్వ సిద్ధాంత పంచాంగం చూసి చెప్పారట. దాంట్లో సంక్రమణ సమయం వేరేగా ఉంటుందా? ఆ ఏటి పంచాంగం ఎవరి దగ్గరైనా ఉంటే ఏప్రిల్ 13, 14 తేదీల పేజీ పెట్టగలరా?