అమ్మకి ఐఫోనా, ఆండ్రాయిడా? వాడినవాళ్లు చెప్పండి

అమ్మకి 71 ఏళ్లు, తెనాలిలో ఒక్కతే ఉంటుంది. తన పాత ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి. పోయిన నెల నుంచి బ్యాంకు యాప్ కూడా తెరుచుకోవడం లేదు. అమ్మకి కావాల్సింది కాల్స్, వాట్సాప్‌లో మనవరాలి వీడియోలు, కరెంటు బిల్లు, అంతే. వేలు కాస్త వణుకుతుంది. నొక్కబోయి నొక్కి పట్టుకుంటుంది, దాంతో ఐకాన్లు ఎటో వెళ్లిపోతాయి. "నా వాట్సాప్ ఎవరో తీసేశార్రా" అని ఫోన్!

తమ్ముడు పాత ఐఫోన్ ఇస్తానంటున్నాడు. అందులో Assistive Access పెడితే పెద్ద బొమ్మలతో నాలుగైదు యాప్‌లే కనిపిస్తాయి. కానీ ఫోన్ పాతది కాబట్టి అప్‌డేట్ల ఆయుష్షు కూడా సగం అయిపోయినట్టే. పైగా గ్లాసు పగిలితే మా ఊళ్లో ఒరిజినల్ వేసేవాళ్లు లేరు, వేరేది వేస్తే సెట్టింగ్స్‌లో Unknown Part అని చూపిస్తుంది.

నా ఓటు గెలాక్సీ ఏ16 5జీకి. ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. Easy mode లో నొక్కి పట్టుకునే సమయం కూడా పెరుగుతుంది. నా అనుమానమల్లా, నాలుగో ఏడాదికి నత్తలా తయారవుతుందా అని. ఇంట్లో పెద్దవాళ్లకి ఇలాంటిది కొన్నవాళ్లు ఉంటే, డిస్‌ప్లే మార్చడానికి ఎంతయిందో కూడా చెప్పండి ప్లీజ్.