పిల్లల స్కూల్ ప్రింట్లకు ఇంక్ ట్యాంకా, లేజరా?

మా ఇంట్లో పదో తరగతి అమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి ఉన్నారు. వర్క్‌షీట్లు, పాత ప్రశ్నపత్రాలు కలిపి నెలకు 300 పేజీల దాకా ప్రింట్ అవుతాయి. ఎక్కువగా నలుపే. కానీ అబ్బాయి ప్రాజెక్టులకు మ్యాపులు, బొమ్మలు కలర్‌లో కావాలి.

పేజీ ఖర్చు చూస్తే ఇంక్ ట్యాంకే నయం, కలర్ కూడా అందులోనే వస్తుంది. నా టెన్షన్ అంతా వేసవి సెలవుల గురించే. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా మేం ఊళ్లో ఉంటాం, ప్రింటర్ ముట్టుకునేవాళ్లు ఉండరు. ఆ ఎండలకు హెడ్‌లో ఇంక్ గడ్డకట్టి, అక్షరాల మధ్య తెల్లగీతలు పడతాయి కదా. మాటిమాటికీ హెడ్ క్లీనింగ్ చేస్తే ఇంక్ ఖర్చవడమే కాక, ఆ వృథా ఇంక్ పీల్చుకునే ప్యాడ్ కూడా త్వరగా నిండిపోతుంది.

లేజర్‌లో టోనర్ పొడి కాబట్టి ఎండిపోయే బాధ లేదు, అక్షరాల మీద హైలైటర్ గీసినా చెదరదు. అయితే మా బడ్జెట్‌కు వచ్చేది నలుపు ఒక్కటే. పైగా ఆ పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, ఇన్వర్టర్ మీద నడపలేం.

నలుపు లేజర్ కొని, కలర్ పేజీలు జిరాక్స్ షాపులో తీయించడం మేలనిపిస్తోంది. ఇంక్ ట్యాంక్ వాడేవాళ్లు చెప్పండి: సెలవుల తర్వాత మీది మామూలుగానే పనిచేసిందా? లేజర్ వాళ్లకు డ్రమ్ మార్చడానికి ఎంతయింది?