వేరొకరి పుస్తకంలో చూసిన అధ్యయనాన్ని నేరుగా సైట్ చేయవచ్చా?

మొదటి_డ్రాఫ్ట్: నొప్పి మందుల మీద రివ్యూ రాస్తున్నాను. నల్లమందు జాతి మందులకు బానిసలయ్యేది ఒక శాతం లోపేనని 1980 నాటి పోర్టర్, జిక్ అధ్యయనం తేల్చిందని ఒక పుస్తకంలో ఉంది. అసలు పేపర్ చూడలేదు. వాళ్ల పేరే వేసేయనా? రెండు సంవత్సరాలూ ఇవ్వాలా?

గబగబా: "ఫలానా పుస్తకంలో ఉదహరించినట్లు" అని రాసి, రిఫరెన్సుల్లో రెండూ పెట్టేయండి. నా థీసిస్‌లో అలాగే చేశాను, ఎవరూ అడగలేదు.

పాతసంచికలు: రెండూ పెట్టకూడదండీ. ఏపీఏ పద్ధతిలో మీరు చదివిన పుస్తకమే జాబితాలోకి వెళ్తుంది. పోర్టర్, జిక్ పేర్లు వాక్యంలోనే ఆగిపోతాయి. అయినా ముందు అసలుది తెరవండి. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్, 302వ సంపుటి, పేజీ 123. పేజీ ఒక్కటే ఉందంటేనే అనుమానం రావాలి. అది అధ్యయనం కాదు, సంపాదకుడికి రాసిన ఐదు వాక్యాల ఉత్తరం. ఆసుపత్రిలో చేరి ఆ మందు ఒక్కసారైనా తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో నాలుగు కేసులే కనిపించాయని ఉంటుంది. ఇంటికెళ్లి నెలల తరబడి మాత్రలు వేసుకున్నవాళ్ల గురించి ఒక్క మాట లేదు.

గబగబా: ఆ ఉత్తరం శీర్షికలోనే వ్యసనం అరుదని ఉంది కదా! సైట్ చేసినవాళ్ల తప్పేముంది?

పాతసంచికలు: శీర్షిక చదివి ఆగిపోవడమే తప్పు. 2017లో అదే పత్రికలో లెక్క తీశారు. ఆ ఉత్తరాన్ని ఉదహరించిన 608 రచనల్లో సుమారు 72 శాతం దాన్ని వ్యసనం అరుదనడానికి సాక్ష్యంగా వాడుకున్నాయి. ఉత్తరంలో లెక్కించినవాళ్లు ఆసుపత్రి రోగులని ఆ రచనల్లో సుమారు 81 శాతం చెప్పనేలేదు. ఒకరి వాక్యం చూసి ఇంకొకరు రాస్తూ పోతే షరతు రాలిపోతుంది, అంకె మిగులుతుంది.

గబగబా: ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను, నాకు పాఠాలు వద్దు. ప్రతి మూలం వెనకాలా పరుగెత్తితే పేపర్ ఎప్పుడు పూర్తవుతుంది?

మూడోసారి_రివిజన్: నా గోడు వినండి. వేరే పేపర్ నుంచి రిఫరెన్స్ దించుకున్నాను. సంపుటి సంఖ్య అక్కడే తప్పు, నాదీ అదే తప్పు. రివ్యూయర్ వెంటనే పట్టుకుని, "ఇది మీరు చదివారా?" అని రాశారు. ఆ రోజు తల ఎత్తుకోలేకపోయాను.

భాషరాదు: అసలుది జర్మన్‌లో ఉండి, అనువాదం లేకపోతే ఏం చేయాలి?

పాతసంచికలు: అప్పుడు "ఉదహరించినట్లు" అనడమే నిజాయితీ. ఈ ఉత్తరానికి ఆ సాకు లేదు.

మొదటి_డ్రాఫ్ట్: చదివాను, రెండు నిమిషాలు పట్టింది. ఆ "ఒక శాతం" అందులో ఎక్కడా లేదు. నాలుగుని 11,882తో భాగిస్తే 0.03 శాతమే వస్తుంది. మరి పుస్తకంలో ఒక శాతం ఎక్కడిది? ఆ వాక్యం ప్రస్తుతానికి తీసేశాను.

గబగబా: 0.03 కూడా ఒక శాతం లోపే కదండీ.

మూడోసారి_రివిజన్: ఆ పుస్తకం ఇంకెవరిని చూసి రాసిందో, దాని రిఫరెన్సులు ఒకసారి చూడండి.