మెషిన్‌కి ప్రివెంటివ్ మెయింటెనెన్స్, అంటే పీఎం, ఆలస్యంగా చేస్తే తర్వాతి తేదీ కూడా వాయిదా పడాలా?

ప్రశ్న (ప్లానింగ్_డెస్క్): గేర్‌బాక్స్ ఆయిల్ మార్పుకి శాప్ సాఫ్ట్‌వేర్‌లో 90 రోజుల పీఎం ప్లాన్ ఉంది. మార్చి 1న చేయాల్సింది, మెషిన్ దొరక్క 21న చేశారు. ఆలస్యంలో ఎంత శాతం తర్వాతి తేదీకి కలపాలో చెప్పే లేట్ కంప్లీషన్ షిఫ్ట్ ఫ్యాక్టర్ 0 ఉంచాలా, 100 పెట్టాలా?

గ్రీజ్‌గన్: 100 పెట్టండి. ఆయిల్ వయసు మార్చిన రోజు నుంచే లెక్క. 0 అయితే తర్వాతి ఆర్డర్ మే 30కే వస్తుంది, అంటే 70 రోజులకే మంచి ఆయిల్ పారబోస్తారు. 100 ఉంటే జూన్ 19.

షట్‌డౌన్_క్యాలెండర్: నేను ఒప్పుకోను. ప్రతిసారీ తేదీని వాయిదా వేసుకుంటూ పోతే ఏడాదికి నాలుగు రావాల్సిన పీఎంలు మూడే అవుతాయి. 0 ఉంచి, కంప్లీషన్ రిక్వైర్‌మెంట్ టిక్ చేస్తే ఆర్డర్లు పోగుపడవు.

ఐదేళ్ల_ప్లానర్: పోగుపడవన్న మాట నిజమే. కానీ ఆ టిక్ ఉంటే పాత ఆర్డర్‌కి టెకో, అంటే పని పూర్తయిందన్న గుర్తు, పడేదాకా కొత్త కాల్, అంటే తర్వాతి ఆర్డర్, రాదు. ఒక్కటి మూయడం మరిచిపోయినా ఆ ప్లాన్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. IP10 అనే షెడ్యూలింగ్ స్క్రీన్‌లో కాల్ తేదీలు చూస్తే తప్ప ఎవరికీ తెలియదు.

నా ఓటు 100కే. అయితే ముందు టెకో తేదీ సరిచూడండి. పని 21న అయింది, కాగితాలు ఏప్రిల్ 4న డెస్క్‌కి వచ్చాయనుకోండి. టెకో వేసేటప్పుడు అడిగే రిఫరెన్స్ డేట్‌లో 21 కొట్టకుండా ఆ రోజు తేదీనే వదిలేస్తే, శాప్ 34 రోజుల ఆలస్యంగా లెక్కేసి జులై 3 చూపిస్తుంది. ఆయిల్ 104 రోజులు తిరుగుతుంది! తప్పు ఫ్యాక్టర్‌ది కాదు, తేదీది. టాలరెన్స్ 10 శాతం ఇస్తే 9 రోజుల్లోపు ఆలస్యానికి తేదీ అసలు కదలదు.

స్టోర్స్_కౌంటర్: మా గొడవ వేరే అండీ. ఆర్డర్ వస్తుంది, ఆయిల్ సీల్ ఉండదు. సీల్ తెప్పించాలంటే 30 రోజులు పడుతుంది.

ఐదేళ్ల_ప్లానర్: గడువులో ఎన్నో శాతం దగ్గర ఆర్డర్ పుట్టాలో చెప్పే మీ కాల్ హొరైజన్ 90 శాతం అయి ఉంటుంది. అంటే ఆర్డర్ 81వ రోజున పుడుతుంది, సీల్‌కి స్టోర్స్‌లో రిజర్వేషన్ కూడా అప్పుడే. చేతిలో మిగిలేది 9 రోజులే. 60 పెడితే 54వ రోజునే వస్తుంది, 36 రోజుల గడువు దొరుకుతుంది. ఇంకోటి, వాడిన సీల్‌ని స్టాక్ నుంచి తీసే 261 ఎంట్రీతో పోస్ట్ చేశాకే టెకో వేయండి. ముందే వేస్తే మిగిలిన రిజర్వేషన్ మూసుకుపోతుంది, స్టాక్ మాత్రం కాగితం మీద అలాగే ఉండిపోతుంది.

గ్రీజ్‌గన్: మరి మధ్యలో బ్రేక్‌డౌన్ వచ్చి, ఆ ఆర్డర్‌లోనే ఆయిల్ మార్చేస్తే?

ఐదేళ్ల_ప్లానర్: ప్లాన్‌కి ఆ సంగతి తెలియదు. IP10లో రీస్టార్ట్ చేసి, ఆయిల్ మార్చిన తేదీ ఇవ్వాలి.

షట్‌డౌన్_క్యాలెండర్: ఆయిల్ వరకు సరే. చట్టప్రకారం చేయాల్సిన ప్రెషర్ వెసెల్ తనిఖీకి మాత్రం నేను 0 తప్ప వేరే పెట్టను.